వైర్ రాడ్‌కు రక్షణ, మేకులకు శిక్ష: ఒక సుంకం కేస్ స్టడీ

వాణిజ్య విధానంపై ప్రభుత్వాలకు సలహా ఇవ్వడం నా పని. ఈ కేసులో దేశం పేరు, మిల్లు పేరు, కరెన్సీ చెప్పను. అంకెలను గుండ్రం చేశాను కానీ వాటి మధ్య నిష్పత్తులు మార్చలేదు. దీన్ని రాయడానికి కారణం ఒకటే. సుంకం వేయాలా, సబ్సిడీ ఇవ్వాలా అనే చర్చ ఎప్పుడూ "దేశీయ పరిశ్రమను కాపాడాలా వద్దా" అన్న దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ దేశీయ పరిశ్రమ ఒకటి కాదు, రెండు. ఒకదాన్ని కాపాడిన సుంకమే రెండోదాన్ని దెబ్బతీసింది. ఆ సంగతి మాకు ఆలస్యంగా అర్థమైంది.

నేపథ్యం

వైర్ రాడ్ అంటే చుట్టలుగా వచ్చే ఉక్కు కడ్డీ. దాన్ని సన్నగా లాగితే తీగ అవుతుంది. తీగ నుంచి మేకులు, స్ప్రింగులు, కంచె వలలు, బోల్టులు తయారవుతాయి. ఆ దేశంలో వైర్ రాడ్ తయారు చేసేది ఒకే ఒక మిల్లు. దాన్ని కొని వాడుకునే చిన్న, మధ్య తరహా యూనిట్లు మాత్రం వందల్లో ఉన్నాయి. మిల్లుకు ఒక సంఘం, ఒక న్యాయవాది, మంత్రిత్వ శాఖలో పరిచయాలు ఉన్నాయి. మేకులు చేసేవాళ్లకు అవేవీ లేవు. తర్వాత జరిగినదానికి ఈ తేడా కూడా ఒక కారణమే.

లెక్క తేలిగ్గా ఉండటానికి, రేవుకు చేరిన టన్ను వైర్ రాడ్ ధర 100 యూనిట్లు అనుకుందాం. అప్పటికి సుంకం 5 శాతం, అంటే దేశంలో ధర 105. ఏడాదికి వాడకం 2 లక్షల టన్నులు. అందులో 60 వేల టన్నులు మిల్లుది, మిగతా 1 లక్షా 40 వేల టన్నులు దిగుమతి. ప్రపంచ మార్కెట్‌లో ఈ దేశం కొనేది చాలా తక్కువ. అందుకే ఇక్కడ సుంకం పెంచినంత మాత్రాన బయటి అమ్మకందారు తన ధర తగ్గించుకోడు. పెంచిన సుంకమంతా కొనేవాడి మీదే పడుతుంది. పెద్ద దేశాల విషయంలో కొంత భారం విదేశీ అమ్మకందారు మోసే అవకాశం ఉంటుంది. ఇక్కడ ఆ ఆశ లేదు.

వచ్చిన సమస్య

మిల్లులో రెండు లైన్లు ఉన్నాయి. 60 వేల టన్నులూ కొత్త లైన్ నుంచే వస్తున్నాయి. 20 వేల టన్నులు తీయగల పాత లైన్ ఆగిపోయింది. దాని మీద పనిచేసే సుమారు 300 మంది సగం జీతంతో ఇంటి దగ్గర ఉన్నారు. దిగుమతుల వల్లే ఇలా అయిందని, సుంకాన్ని 20 శాతానికి పెంచకపోతే మిల్లు మొత్తం మూతపడుతుందని యాజమాన్యం అర్జీ పెట్టుకుంది. ప్రపంచ వాణిజ్య సంస్థకు ఆ దేశం ఇచ్చిన మాట ప్రకారం వైర్ రాడ్ మీద గరిష్ఠ సుంకం, అంటే బౌండ్ రేటు, 25 శాతం. కాబట్టి 20కి పెంచడానికి చట్టపరంగా అడ్డేమీ లేదు.

నన్ను అడిగింది ఒకే ప్రశ్న: "20 శాతం చేస్తే పాత లైన్ నడుస్తుందా?" నడుస్తుందని జవాబిచ్చాను. పాత లైన్‌లో టన్ను తయారీ ఖర్చు 105 నుంచి 120 మధ్య ఉంది. ధర 120కి వెళ్తే ఆ లైన్ మొత్తం నడుస్తుంది. ఆ జవాబు సరైనదే. కానీ ప్రశ్నే చాలదని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. ధర 120 అయితే ఎవరెవరి జేబులో నుంచి ఎంత పోతుందో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ పట్టుబట్టి చెప్పలేదు.

మొదటి ప్రయత్నం: సుంకం

సుంకం 20 శాతమైంది. దిగుమతి ధర 120కి చేరింది. మిల్లు కూడా తన ధరను దాదాపు అంతే పెంచింది. చాలామంది తడబడే చోటు ఇదే. సుంకం పడేది దిగుమతి సరుకు మీద మాత్రమే, కానీ ధర పెరిగేది మొత్తం సరుకుకు. పక్కవాడు 120కి అమ్ముతుంటే మిల్లు 105కి ఎందుకు అమ్ముతుంది? అది దురాశ కూడా కాదు, మార్కెట్ నడిచే తీరు.

ఏడాది తిరిగేసరికి మిల్లు ఉత్పత్తి 80 వేల టన్నులైంది. 300 మందీ పనిలోకి వచ్చారు. మంత్రిత్వ శాఖ దాన్ని విజయంగా ప్రకటించింది. అదే సమయంలో దేశంలో వైర్ రాడ్ వాడకం 2 లక్షల టన్నుల నుంచి 1 లక్షా 80 వేలకు పడిపోయింది. ఆ తగ్గుదలను ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు కూర్చుని వేసిన లెక్క ఇది. వాడకందారులు టన్నుకు 15 యూనిట్లు ఎక్కువ కట్టారు. కొనడం మానేసిన టన్నుల నష్టాన్ని కూడా కలిపితే వాళ్ల మీద పడ్డ మొత్తం భారం ఏడాదికి 28.5 లక్షల యూనిట్లు. అందులో 10.5 లక్షలు మిల్లుకు లాభంగా వెళ్లాయి. ఖజానాకు సుంకం రాబడి 7 లక్షల నుంచి 20 లక్షలకు పెరిగింది, అంటే 13 లక్షలు అదనం. ఈ రెండూ కలిపితే 23.5 లక్షలు. మిగిలిన 5 లక్షలు ఎవరికీ చేరలేదు. అందులో సగం, బయట 100కి దొరికే సరుకును ఇంట్లో అంతకన్నా ఎక్కువ ఖర్చుతో తయారు చేయడంలో పోయింది. మిగతా సగం, పాత ధరకు కొని పని చేసుకోగలిగిన యూనిట్లు కొనడం మానేయడంలో పోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మిల్లు లాభంలోని ఒక భాగం. ఆ 10.5 లక్షల్లో 9 లక్షలు, సుంకం పెంచకపోయినా ఎలాగూ తయారయ్యే 60 వేల టన్నుల మీద వచ్చినవే. పాత లైన్‌ను నడపడానికి ఉపయోగపడింది మిగతా కొంచెమే. 300 మంది పేరు చెప్పి వసూలైన డబ్బులో ఎక్కువ భాగానికి ఆ 300 మందితో సంబంధం లేదు.

మధ్యలో ఇంకో తలనొప్పి వచ్చింది. వైర్ రాడ్ కస్టమ్స్ కోడ్ 7213 కింద వస్తుంది. సుంకం పెరిగిన రెండు నెలలకే ఆ కోడ్ కింద దిగుమతులు అనుకున్నదానికంటే బాగా పడిపోయి, 7227 కింద ఒక్కసారిగా పెరిగాయి. 7227 అంటే మిశ్రమ లోహపు ఉక్కు కడ్డీ. ఉక్కులో అతి కొంచెం బోరాన్ కలిపితే చాలు, అది కాగితం మీద మిశ్రమ లోహం అయిపోతుంది. వాడకంలో పెద్దగా తేడా ఉండదు. ప్రపంచంలో చాలాచోట్ల కనిపించిన పాత ఉపాయమే ఇది. ఆ కోడ్‌ను కూడా సుంకం కిందకు తేవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో దిగుమతిదారులు తక్కువ సుంకం కట్టి, మార్కెట్ ధరకే అమ్ముకుని తేడా మిగుల్చుకున్నారు. సుంకం పెంచినప్పుడు పక్క కోడ్‌ల దిగుమతిని కూడా నెలనెలా చూడాలి.

మేకుల దగ్గర బయటపడిన నష్టం

పద్నాలుగో నెలలో మేకులు చేసే ఒక యూనిట్ యజమాని తన లెక్కల పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన అడిగింది ఇదే: "సార్, మాకూ పది శాతం సుంకం రక్షణ ఉందంటున్నారు. మరి మేమెందుకు మునిగిపోతున్నాం?"

ఆయన పుస్తకంలోని అంకెలే జవాబు చెప్పాయి. బయట టన్ను మేకుల ధర 130. ఒక టన్ను మేకులకు దాదాపు ఒక టన్ను వైర్ రాడ్ కావాలి, తరుగు పక్కన పెడదాం. ఏ సుంకాలూ లేకపోతే రాడ్ 100, మేకులు 130. అంటే జీతాలు, కరెంటు, అద్దె, లాభం అన్నింటికీ కలిపి ఆయనకు మిగిలేది 30.

మేకుల మీద 10 శాతం సుంకం ఉంది కాబట్టి దేశంలో మేకుల ధర 143. రాడ్ 105గా ఉన్నప్పుడు ఆయనకు 38 మిగిలేది. సుంకాలు లేని లోకంతో పోలిస్తే 27 శాతం ఎక్కువ. రాడ్ 120 అయ్యాక మిగిలేది 23. అదే లోకంతో పోలిస్తే 23 శాతం తక్కువ. ఆయన సరుకు మీద సుంకం మారలేదు, కాగితం మీద పది శాతం రక్షణ అలాగే ఉంది. కానీ వాస్తవంలో ప్రభుత్వం ఆయన మీద పన్ను వేసినట్టే.

వాణిజ్య ఆర్థికశాస్త్రంలో దీన్ని ఎఫెక్టివ్ ప్రొటెక్షన్ అంటారు. సరుకు మీద ఎంత సుంకం ఉందన్నది చూస్తే సరిపోదు. ముడిసరుకు మీద ఉన్న సుంకాన్ని తీసేశాక, ఆ యూనిట్ సొంతంగా జోడించే విలువకు ఎంత రక్షణ మిగిలిందో చూడాలి. జోడించే విలువ ఎంత తక్కువైతే ముడిసరుకు ధర దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. మేకులకు జోడించే విలువ 30 మాత్రమే కాబట్టి 15 యూనిట్ల పెంపు అందులో సగాన్ని తినేసింది. ఖరీదైన స్ప్రింగులు చేసేవాళ్లకు జోడించే విలువ ఎక్కువ, వాళ్లు అంతగా ఇబ్బంది పడలేదు. ముందుగా మూతపడ్డవి చౌక సరుకు చేసే చిన్న యూనిట్లే.

కస్టమ్స్ లెక్కలు తీసి చూస్తే, 7317 కోడ్ కింద మేకుల దిగుమతి రెట్టింపు దాటింది. రాడ్‌గా రావడం ఆగిన ఉక్కే మేకులుగా మారి లోపలికి వస్తోంది.

రెండో ప్రయత్నం: ఇంకో సుంకం, డ్రాబ్యాక్

మంత్రిత్వ శాఖకు మొదట తోచిన మందు మేకుల మీద కూడా సుంకం పెంచడం. 20 శాతం చేస్తే మేకుల ధర 156 అవుతుంది, యూనిట్లకు మళ్లీ 36 మిగులుతుంది. కానీ మేకుల బౌండ్ రేటు 15 శాతమే. దాన్ని దాటాలంటే వాణిజ్య భాగస్వాములతో మళ్లీ చర్చించి, వాళ్లకు వేరేచోట పరిహారంగా ఏదో ఇచ్చుకోవాలి. అందుకని 15 దగ్గర ఆగారు. ధర 149.5, యూనిట్లకు మిగిలేది 29.5. అంటే రక్షణ దాదాపు సున్నా. భారం మాత్రం మేకులు కొనే నిర్మాణ కాంట్రాక్టర్లు, ఫర్నిచర్ చేసేవాళ్ల మీదకు జరిగింది. మూడు నెలల్లో ఫర్నిచర్ వాళ్ల అర్జీ వచ్చింది. ఈ గొలుసుకు చివర లేదని అప్పుడు అర్థమైంది.

మేకులను ఎగుమతి చేసే కొద్ది యూనిట్లకు ఈ మందు అసలు పనిచేయదు. వాళ్లు అమ్మేది బయటి ధర 130కే. రాడ్ 120కి కొంటే మిగిలేది 10. వాళ్ల కోసం డ్యూటీ డ్రాబ్యాక్ పెట్టారు, అంటే ఎగుమతి చేసిన సరుకులోని రాడ్ మీద కట్టిన సుంకాన్ని తిరిగి ఇవ్వడం. వినడానికి బాగుంది. కానీ చిన్న యూనిట్లు రాడ్‌ను సొంతంగా దిగుమతి చేసుకోవు. వ్యాపారి దగ్గర చిన్న మొత్తాల్లో కొంటాయి, కాబట్టి దిగుమతి కాగితాలు వాళ్ల చేతిలో ఉండవు. దేశీయ మిల్లు దగ్గర కొన్నవాళ్లకైతే తిరిగి రావడానికి కట్టిన సుంకమే లేదు. మిల్లు ధర పెరిగింది సుంకం వల్లే, కానీ ఆ పెరిగిన డబ్బు మిల్లుకు చేరింది, ఖజానాకు కాదు. లేని సుంకాన్ని ఖజానా ఎలా తిరిగి ఇస్తుంది? అమ్ముడయ్యే రాడ్‌లో సగానికి దగ్గరగా మిల్లుదే కాబట్టి ఇది చిన్న లోపం కాదు.

ఈ దశలో మిల్లు వైపు నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది: దేశీయ రాడ్ కొనే యూనిట్లకు మాత్రమే సబ్సిడీ ఇద్దాం అని. అది రెండు పక్షాలకూ నచ్చింది. నేనే అడ్డుపడ్డాను. దేశీయ సరుకు వాడాలన్న షరతుతో ఇచ్చే సబ్సిడీని, ఎగుమతి షరతుతో ఇచ్చే సబ్సిడీని ప్రపంచ వాణిజ్య సంస్థ సబ్సిడీల ఒప్పందం నేరుగా నిషేధిస్తుంది. ఎవరికీ నష్టం జరిగిందని రుజువు చేయాల్సిన పని కూడా లేదు. దేశీయ ఉత్పత్తిదారుకు ఉత్పత్తి మీద ఇచ్చే సబ్సిడీ సంగతి వేరు. అది నిషిద్ధం కాదు. దాని వల్ల వేరే దేశానికి నష్టం జరిగితే మాత్రం అభ్యంతరం చెప్పవచ్చు, ఎగుమతి అయిన సరుకు మీద ప్రతిసుంకం, అంటే ఆ సబ్సిడీకి సరిపడా అదనపు సుంకం, వేయవచ్చు. మా మిల్లు రాడ్‌ను ఎగుమతి చేయదు కాబట్టి ఆ ప్రమాదం తక్కువ.

సబ్సిడీ లెక్క

సుంకాన్ని 5 శాతానికి దించి, మిల్లుకు టన్నుకు 15 యూనిట్ల ఉత్పత్తి సబ్సిడీ ఇస్తే? మిల్లుకు చేరేది అదే 120. కాబట్టి 80 వేల టన్నులూ తీస్తుంది. కానీ దేశంలో ధర 105 దగ్గరే ఉంటుంది, మేకుల యూనిట్లకు దెబ్బ తగలదు. సుంకం ఒకేసారి రెండు పనులు చేస్తుంది: ఉత్పత్తిదారుకు సబ్సిడీ ఇస్తుంది, వాడకందారు మీద పన్ను వేస్తుంది. మాకు కావాల్సింది మొదటిదే. సబ్సిడీ రెండోదాన్ని వదిలేస్తుంది.

ఆర్థిక శాఖ అధికారి లెక్క చూసి సూటిగా చెప్పారు: "సుంకంలో మాకు 20 లక్షలు వస్తున్నాయండీ. మీరు చెప్పినట్టు చేస్తే వచ్చేది 6 లక్షలు, పైగా మేము 12 లక్షలు ఇవ్వాలి. మొత్తం 26 లక్షల తేడా. ఇది ఎక్కడి నుంచి తేవాలి?"

ఆయన ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. సుంకం నుంచి సబ్సిడీకి మారితే దేశానికి నికరంగా కలిసొచ్చేది 2.5 లక్షలు. దాని కోసం 26 లక్షలు వేరే పన్నుల ద్వారా సమకూర్చాలి. పన్ను ఏదైనా దాని వల్ల కొంత వృథా ఉంటుంది. ఆ వృథా రూపాయికి పది పైసలు ఉన్నా ఆ 2.5 లక్షలూ కరిగిపోతాయి. సబ్సిడీ ఎప్పుడూ సుంకం కన్నా మేలని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న మాట, పన్ను వసూలుకు ఖర్చు లేదనుకుంటేనే నిజం.

కాబట్టి ప్రశ్న మార్చుకోవాల్సి వచ్చింది. 80 వేల టన్నులకూ ఎందుకు ఇవ్వాలి? కొత్త లైన్ 60 వేల టన్నులు 105 ధరకే లాభంగా నడుస్తోంది. మిల్లు మొత్తం మూతపడుతుందన్న మాట, లైన్ల వారీగా ఖర్చులు విడదీసి చూస్తే నిలబడలేదు. ప్రమాదంలో ఉన్నది పాత లైన్ ఒక్కటే. 60 వేల పైన తీసే టన్నులకే 15 ఇస్తే మొత్తం ఖర్చు 3 లక్షలు. సుంకం పెంచక ముందున్న స్థితితో పోలిస్తే, తగ్గే సుంకం రాబడిని కూడా కలిపి ఖజానా మీద పడేది 4 లక్షలు. మధ్యలో వచ్చిపడ్డ ఆ 13 లక్షలు మేకుల యూనిట్ల నుంచి వచ్చినవని, అవి శాశ్వత ఆదాయం కాదని ఆర్థిక శాఖను ఒప్పించడానికి ఆ యజమాని లెక్కల పుస్తకమే ఉపయోగపడింది. వాడకం తగ్గుతున్న కొద్దీ ఆ రాబడి కూడా తగ్గేదే.

పనిచేసింది

కుదిరిన ఏర్పాటు ఇది. వైర్ రాడ్ సుంకం మళ్లీ 5కి, మేకుల సుంకం మళ్లీ 10కి. 60 వేల టన్నుల పైన తీసిన ప్రతి టన్నుకు మొదటి ఏడాది 15, రెండో ఏడాది 12, మూడో ఏడాది 8, నాలుగో ఏడాది 4 యూనిట్లు. తర్వాత ఏమీ లేదు. డబ్బు బడ్జెట్‌లో విడి పద్దుగా కనిపించాలి.

అన్నిటికంటే ఎక్కువ వాదన బేస్‌లైన్ మీద జరిగింది. సుంకం లేకపోతే తాము 40 వేల టన్నులే తీసేవాళ్లమని, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టాలని మిల్లు అడిగింది. బేస్‌లైన్‌ను 20 వేలు కిందికి దించితే ఖర్చు రెట్టింపవుతుంది, ఒక్క టన్ను కూడా కొత్తగా రాదు. అందుకే సుంకం కోసం అర్జీ పెట్టక ముందు 12 నెలల అసలు ఉత్పత్తిని తీసుకున్నాం. అర్జీ పెట్టిన తర్వాతి నెలలను కావాలనే వదిలేశాం, ఎందుకంటే సాయం వస్తుందని తెలిస్తే ఉత్పత్తిని ముందే తగ్గించి చూపించడం కష్టం కాదు. టన్నుల లెక్కకు మిల్లు రికార్డులతో పాటు, కొలిమిలోకి వెళ్లిన బిల్లెట్, అంటే రాడ్‌గా మారే ఉక్కు దిమ్మ, బరువు, కరెంటు వాడకం కూడా చూశాం. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోతే చెల్లింపు ఆగుతుంది.

ఏటా తగ్గే రేటు కూడా ఊరికే పెట్టలేదు. పాత లైన్ ఖర్చు ఎక్కువ కావడానికి ప్రధాన కారణం రీహీటింగ్ కొలిమి. అది ఇంధనం ఎక్కువ తాగుతోంది, ఉక్కును ఎక్కువ తరుగు చేస్తోంది. రక్షణ స్థిరంగా ఉన్నన్నాళ్లూ దాన్ని మార్చాలన్న ఒత్తిడి యాజమాన్యం మీద లేదు. 15 నుంచి 4కి దిగుతుందని ముందే తెలిశాక రెండో ఏడాదిలోనే మార్చారు. నాలుగేళ్లు ముగిశాక సబ్సిడీ లేకుండా మిల్లు 72 వేల టన్నులు తీసింది. 80 వేలకు చేరలేదు. పాత లైన్‌లో అన్నిటికన్నా ఖరీదైన 8 వేల టన్నులు నిలబడలేదు, సుమారు 100 మందికి అక్కడ పని పోయింది. మిగతావాళ్లకు ఉంది.

నేర్చుకున్నది

అర్జీ ఒక మిల్లు నుంచి వచ్చినా లెక్క గొలుసు మొత్తానికీ వేయాలి. ఇప్పుడు నేను సుంకం ప్రతిపాదన ఏదొచ్చినా, ఆ సరుకును ముడిసరుకుగా వాడేవాళ్లలో జోడించే విలువ అందరికన్నా తక్కువగా ఉన్న యూనిట్‌ను వెతికి, దాని పుస్తకం ముందు తెప్పిస్తాను. దెబ్బ మొదట కనిపించేది అక్కడే. ధరలు ఊహించని చోట కూడా పెరగవచ్చు. అమెరికా 2018లో వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసినప్పుడు, సుంకం లేని డ్రయ్యర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగిందని తర్వాత పరిశోధకులు చూపించారు. ఆ రెండూ జంటగా అమ్ముడవుతాయి కాబట్టి దుకాణాలు పెంపును రెండింటి మీదా పంచాయి.

సబ్సిడీకి ఉన్న పెద్ద బలహీనతే దాని మేలు కూడా. అది బడ్జెట్‌లో కనిపిస్తుంది, ఏటా ఎవరో ఒకరు దాన్ని ప్రశ్నిస్తారు. సుంకం ఏడాదికి 28.5 లక్షలు లాగినా చట్టసభలో ఒక్క ప్రశ్న రాలేదు. 3 లక్షల సబ్సిడీ మీద నాలుగేళ్లూ చర్చ జరిగింది. అలా జరగడమే నాకు కావాల్సింది. కానీ పన్నులు సరిగ్గా వసూలు కాని చోట, టన్నులు కొలవడానికి నమ్మదగిన మార్గం లేని చోట ఈ పద్ధతిని సూచించను. అక్కడ సబ్సిడీ దొంగ లెక్కలకు పోతుంది.

ఇంకో మాట ఫైల్‌లో ఎక్కడా నమోదు కాలేదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. సుంకం రెండున్నరేళ్లు ఉంది. ఆ కాలంలో మూతపడ్డ మేకుల యూనిట్లలో చాలా వరకు మళ్లీ తెరుచుకోలేదు. యంత్రాలు అమ్మేశారు, పనివాళ్లు వేరే పనులకు వెళ్లిపోయారు, కొనుగోలుదారులు దిగుమతి సరుకుకు అలవాటుపడ్డారు. ధర 105కి తిరిగి వచ్చిన రోజున దాన్ని వాడుకోవడానికి వాళ్లు లేరు. లెక్కల పుస్తకం తెచ్చిన ఆయన యూనిట్ మిగిలింది. ఆయన పక్కనే ఉన్న రెండు యూనిట్లు మిగల్లేదు.